ఆన్‌లైన్ ఆటల్లో గెలిచింది రెండున్నర లక్షలు, పోయింది లక్షన్నర, పన్ను మాత్రం రెండున్నర మీదే: నా అనుభవం

2024 అక్టోబర్ 18న, శుక్రవారం మధ్యాహ్నం, ఆఫీసులో అన్నం తింటుంటే ఇన్‌కమ్ ట్యాక్స్ నుంచి మెయిల్ వచ్చింది. రిఫండ్ అనుకున్నాను. 43,800 రూపాయలు రావాలి, జూలై నుంచి ఎదురుచూస్తున్నాను. తెరిచి చూస్తే సెక్షన్ 139(9) కింద నోటీసు. మీ రిటర్న్ లోపభూయిష్టంగా ఉంది, పదిహేను రోజుల్లో సరిచేయండి, లేకపోతే అసలు వేయనట్టే లెక్క అని దాని సారాంశం. పెరుగన్నం అలాగే వదిలేసి లేచాను.

కథ మొదలైంది 2023 వేసవిలో. మాది అనంతపురం, ఉద్యోగం బెంగళూరు. ఆంధ్రాలో, తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు అప్పటికే నిషేధం కాబట్టి ఊరికి బయల్దేరితే బస్సు కొడికొండ చెక్‌పోస్ట్ దాటగానే యాప్ 'మీ రాష్ట్రంలో అందుబాటులో లేదు' అనేది. 2025లో దేశమంతా నిషేధించేదాకా బెంగళూరులో ఆ అడ్డు లేదు. ఆ ఏప్రిల్‌లో ఆఫీసు కుర్రాళ్లతో కలిసి నిజం ఆటగాళ్లతో మన టీమ్ కట్టుకుని, మైదానంలో వాళ్ల ఆటను బట్టి పాయింట్లు వచ్చే ఒక ఫాంటసీ క్రికెట్ యాప్‌లో అకౌంట్ తెరిచాను. యాభై, వంద పెట్టి మొదలైంది కాస్తా ఐపీఎల్ అయ్యేసరికి మొత్తం 40,000 దాకా వేశాను. మధ్యలో ఒకసారి చిన్న చిన్న గెలుపులు కూడితే 20,000 వెనక్కి తీసుకున్నాను. అప్పుడు ఒక్క రూపాయి కూడా పన్ను కట్ కాలేదు. అంటే పన్నుకు సంబంధం లేని ఆట అనుకున్నాను. ఎంత తప్పో తర్వాత తెలిసింది.

ఫైనల్ వాన వల్ల మే 28 నుంచి 29వ తేదీకి జరిగింది. నా టీమ్‌కు సాయి సుదర్శన్‌ను కెప్టెన్‌గా పెట్టాను, అందరూ గిల్‌ను పెడతారు కదా అని. 47 బంతుల్లో 96 కొట్టాడు. మళ్లీ వాన. అర్ధరాత్రి దాటాక చెన్నైకి 15 ఓవర్లలో 171 కొట్టాలన్నారు. ఆఖరి రెండు బంతులకు జడేజా సిక్స్, ఫోర్ కొట్టేటప్పటికి టైమ్ ఒంటిగంటన్నర. జడేజా నా టీమ్‌లో ఉన్నాడు. రెండింటికి యాప్‌లో 2,75,000 అని కనిపించింది. పక్క గదిలో పిల్ల నిద్రపోతోంది కాబట్టి అరవలేదు, దిండులో మొహం పెట్టుకుని నవ్వాను. మా ఆవిడను లేపి చూపిస్తే, 'నిజం డబ్బులేనా అండీ?' అంది.

మే 31న రెండు లక్షలు విత్‌డ్రా పెట్టాను. బ్యాంకులో పడింది 1,46,000. మోసం అనుకుని కస్టమర్ కేర్‌తో గంటసేపు చాట్ చేశాను. 54,000 సెక్షన్ 194బీఏ కింద టీడీఎస్ అన్నారు. ఈ సెక్షన్ 2023 ఏప్రిల్ 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంటే నేను ఆట మొదలుపెట్టిన నెలలోనే.

ఆ 54,000 ఎలా వచ్చిందో అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు బాగా తెలుసు కాబట్టి చెప్తాను. యాప్ ఒక్కొక్క పోటీ చూసేది కాదు. ఆ ఏడాది మొదలు అప్పటిదాకా బయటికి తీసిన మొత్తం ఎంత, లోపలికి వేసింది ఎంత అని చూసేది. నేను తీసింది ముందు 20,000, ఇప్పుడు 2,00,000. వేసింది 40,000. ఏప్రిల్‌లో కొత్తగా తెరిచిన అకౌంట్ కాబట్టి పాత నిల్వ సున్నా. 2,20,000లోంచి 40,000 పోతే 1,80,000. దాంట్లో ముప్పై శాతం 54,000. మొదటిసారి 20,000 తీసినప్పుడు కట్ కాకపోవడానికి కారణం కూడా ఇదే. అప్పటికి వేసినదే 28,000 ఉంది, తీసింది దానికంటే తక్కువ.

యాప్ వాలెట్‌లో ఇంకా 75,000 ఉంది. దాంట్లో 5,000 తర్వాతి సిరీస్‌లలో పోగొట్టుకున్నాను. 70,000 అలాగే వదిలేశాను, పిల్ల స్కూలు ఫీజుకు ఉంటుందని. 2024 మార్చి 31 రాత్రి దాంట్లోంచి 21,000 మాయమైంది. నేను విత్‌డ్రా చేయలేదు, ఆడలేదు. ఆర్థిక సంవత్సరం ముగిసేటప్పుడు వాలెట్‌లో మిగిలిన గెలుపు మీద కూడా యాప్ పన్ను కట్ చేయాలట. తీయకపోతే పన్ను పడదు అని నేను అనుకున్నది తప్పని అప్పుడు తెలిసింది. మిగిలిన 49,000 ఏప్రిల్‌లో తీసుకుంటే మళ్లీ పన్ను పడలేదు. అది కొత్త ఏడాదికి మొదటి నిల్వ కింద లెక్క.

మొత్తం చూస్తే ఆ యాప్‌లో నా నికర గెలుపు 2,50,000, కట్ అయిన పన్ను 75,000. ఇక్కడ ఒక విషయం గమనించండి. ప్రైజ్ 2,75,000 అయినా పన్ను వేసింది 2,50,000 మీద. ఫైనల్‌కు ముందు పోయిన 20,000, తర్వాత పోయిన 5,000 యాప్ లెక్కలో తనంతట తానే తగ్గిపోయాయి. ఇది చూసే నేను బోర్లా పడ్డాను. నష్టాలు తీసేస్తారన్నమాట అని మనసులో నాటుకుపోయింది.

ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉన్న భాగం. బ్యాంకులో పడిన ఆ 1,46,000 చూసుకుని జూన్‌లో ఇంకో యాప్‌లో రమ్మీ మొదలుపెట్టాను. రాత్రి అందరూ పడుకున్నాక, బాల్కనీలో కూర్చుని. సెప్టెంబర్ ఆఖరుకల్లా వేసింది 1,60,000, వెనక్కి తీసింది 10,000. అంటే క్రికెట్ యాప్ బ్యాంకులో వేసినదంతా ఊడ్చిపెట్టి, పైన నాలుగు వేలు జీతంలోంచి కూడా పెట్టాను. అక్టోబర్ నుంచి వేసే డబ్బు మీద 28 శాతం జీఎస్టీ అని చెప్పారు, ఆ వంకతో మానేశాను. మా ఆవిడకు చెప్పలేదు.

2024 జూలై 24న రిటర్న్ నేనే వేశాను. ప్రతి ఏడాదీ ఐటీఆర్-1 వేసేవాణ్ని. దాంట్లో ఈ ఆదాయం చూపించడానికి చోటే లేదు, ఐటీఆర్-2కి మారాల్సి వచ్చింది. ఇతర ఆదాయాలు చూపే షెడ్యూల్ ఓఎస్‌లో ఆన్‌లైన్ ఆటల గెలుపుకు 115బీబీజే అని ప్రత్యేకంగా ఒక గడి ఉంది. అక్కడ నేను వేసిన అంకె 1,00,000. నా లెక్క సింపుల్. ఒక యాప్‌లో రెండున్నర వచ్చింది, ఇంకో యాప్‌లో లక్షన్నర పోయింది, మిగిలింది లక్ష. పన్ను సెస్సుతో 31,200. కట్ అయింది 75,000. రిఫండ్ 43,800. ఆధార్ ఓటీపీతో వెరిఫై చేసి, ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

మూడు నెలలు 'ప్రాసెసింగ్‌లో ఉంది' అనే మాటే. తర్వాత ఆ నోటీసు.

పదిహేను రోజులంటే నవంబర్ 2. కానీ అక్టోబర్ 31 దీపావళి, నవంబర్ 1 ఇక్కడ రాజ్యోత్సవం. అసలు చేతిలో ఉన్నది పన్నెండు రోజులే. అదీగాక ఆడిటర్లకు అది ఊపిరాడని కాలం. ముగ్గురికి ఫోన్ చేస్తే ఇద్దరు నవంబర్ పదిహేను తర్వాత రమ్మన్నారు. చివరికి మా కొలీగ్ ద్వారా హిందూపురం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక ఆడిటర్ దొరికారు. అక్టోబర్ 23 సాయంత్రం ఆరింటికి రమ్మన్నారు, లోపలికి పిలిచింది ఎనిమిదింపావుకు.

ఆ రెండు గంటలూ నా పక్కన ఒక రిటైర్డ్ పెద్దాయన కూర్చున్నారు. చేతిలో రబ్బర్ బ్యాండ్ వేసిన లాటరీ టికెట్ల కట్ట. కేరళ వెళ్లినప్పుడల్లా కొంటారట. ఆ నెలలోనే 25 కోట్ల తిరువోణం బంపర్ కర్ణాటక వ్యక్తికి తగిలింది కాబట్టి ఆఫీసంతా అదే ముచ్చట. ఈయనకు అంతకు ముందెప్పుడో లక్ష వచ్చింది. ముప్పై వేలు టీడీఎస్ పోయింది. 'ఏడాదిలో టికెట్లకే పద్దెనిమిది వేలు పెట్టినా బాబూ, అన్నీ దాచినా చూడు' అని ఆ కట్ట చూపించారు. నా బ్యాగులో కూడా రమ్మీ యాప్ స్టేట్‌మెంట్ ప్రింట్ ఉంది, పద్నాలుగు పేజీలు. ఇద్దరం ఒకే ఆశతో వచ్చామన్నమాట.

ఆడిటర్ గారు నా ప్రింట్ మొదటి పేజీ మాత్రం చూసి పక్కన పెట్టారు. 'దీనికి ఫారంలో గడి లేదు నాయనా' అన్నారు.

నేను ఊరుకోలేదు. షేర్లలో నష్టం వస్తే తీసేస్తారు కదా సార్, ఎఫ్ అండ్ ఓ నష్టమైతే ఎనిమిదేళ్లు ముందుకు కూడా తీసుకెళ్లొచ్చు కదా, దీనికెందుకు కాదు అని అడిగాను.

'అది వ్యాపారం. వ్యాపారంలో ఆదాయం కోసం ఖర్చు పెడతావు, ఆ ఖర్చు తీసేశాక మిగిలింది ఆదాయం. ఆట గెలుపును చట్టం అట్లా చూడదు. సెక్షన్ 58(4) అని ఉంది. లాటరీ, గుర్రప్పందెం, పేకాట, ఇంకే ఆటైనా సరే, ఆ గెలుపు లెక్కగట్టేటప్పుడు దానికోసం పెట్టిన ఏ ఖర్చూ తీసేయకూడదు. ఓడిపోయిన పందెం డబ్బు కూడా అందులోదే. ఖర్చే తీయనివ్వనప్పుడు మైనస్ అనేది ఎక్కడ పుడుతుంది? మైనస్ పుట్టకపోతే దేంట్లో సర్దుతావు?'

'రమ్మీ నైపుణ్యం ఆట సార్, కోర్టులే చెప్పాయి' అన్నాను. ఈ మాట ఎక్కడో చదివి గట్టిగా పట్టుకున్నాను.

ఆయన నవ్వారు. 'ఆడటం నేరమా కాదా అన్న దగ్గర ఆ మాట పనికొస్తుంది. పన్ను దగ్గర కాదు. క్విజ్ షోలో నీ తెలివితోనే గెలుస్తావు కదా, టీవీ గేమ్ షో డబ్బు కూడా ఇదే ముప్పై శాతం. పుస్తకాలు కొన్నాను, బస్సు చార్జీలు పెట్టుకున్నాను అంటే కుదరదు. కారు బహుమతి వచ్చిందనుకో, ముందు పన్ను కట్టినట్టు తేలితేనే తాళాలు ఇస్తారు.'

'మరి క్రికెట్ యాప్‌లో పోయిన పాతిక వేలు ఎలా తీసేశారు?'

ఇది మాత్రం మంచి ప్రశ్న అన్నారు. ఆన్‌లైన్ ఆటలకు 2023లో ప్రత్యేకంగా నియమం 133 పెట్టారు, అది ఒక కంపెనీలో నీకున్న అకౌంట్‌ను ఒక డబ్బాగా చూస్తుందని వివరించారు. డబ్బాలోకి పోయింది, బయటికి వచ్చింది, ఏడాది చివర మిగిలింది. లోపల ఎన్నిసార్లు గెలిచావు, ఎన్నిసార్లు ఓడావు అన్నది దానికి అక్కర్లేదు. కాబట్టి అదే ఏడాది, అదే డబ్బాలో పోయినవి కనబడకుండానే తగ్గిపోతాయి. రమ్మీ వేరే కంపెనీ, వేరే డబ్బా. దాంట్లో లెక్క మైనస్ వస్తే నికర గెలుపు సున్నా అంటారు, అంతే. ఆ మైనస్ పక్క డబ్బాలోకి రాదు, జీతంలోంచి తీసేయడానికి రాదు, వచ్చే ఏడాదికీ పోదు.

బయట కూర్చున్న పెద్దాయన పరిస్థితి నాకంటే కష్టమని అప్పుడు అర్థమైంది. లాటరీకి ఈ డబ్బా లెక్క కూడా లేదు. కట్టలో ఉన్న టికెట్లు ఒక్కటీ పనికిరావు, గెలిచిన టికెట్ ధరతో సహా.

'ఇదేం న్యాయం సార్' అన్నాను. ఆయన కంప్యూటర్ వైపు తిరుగుతూ, 'ఆయన కట్టలో రోడ్డు మీద ఏరుకున్న టికెట్లు ఎన్నో, కొన్నవి ఎన్నో ఎవరు చెప్తారు? గెలుపుకు రికార్డు ఉంటుంది, ఓటమికి ఉండదు' అన్నారు. నా రమ్మీ నష్టానికి మాత్రం ప్రతి పైసాకూ రికార్డు ఉంది, పాన్‌తో సహా. ఆ మాట అనాలనిపించింది కానీ వాదించే ఓపిక అప్పటికే అయిపోయింది. ఇప్పటికీ ఆ కారణం యాప్‌ల విషయంలో నాకు మింగుడుపడదు.

తర్వాత పని అరగంటలో అయింది. నోటీసు ఎందుకొచ్చిందో కూడా అప్పుడే తెలిసింది. టీడీఎస్ షెడ్యూల్‌లో నేను 75,000 మొత్తం క్రెడిట్ అడిగాను. మన పేరు మీద కట్ అయిన పన్నుల పట్టిక 26ఏఎస్‌లో ఆ 75,000కు ఎదురుగా 2,50,000 ఆదాయం ఉంది. నేను చూపించింది లక్ష. పన్ను మొత్తం వెనక్కి కావాలి, ఆదాయం మాత్రం సగం కూడా చూపించను అంటే సిస్టమ్‌కే దొరికిపోతాం. రమ్మీ నష్టం గురించి వాళ్లకు తెలియనే తెలియదు. టీడీఎస్ లేదు కాబట్టి ఆ యాప్ పేరే 26ఏఎస్‌లో ఎక్కడా లేదు. (సొంతంగా వేసుకునేవాళ్లకు ఇంకో మాట. మార్చి 31న కట్ అయినది 26ఏఎస్‌లో వెంటనే రాదు. నేను మేలో చూస్తే 54,000 మాత్రమే ఉంది, 21,000 జూన్‌లో ఎక్కింది. మేలోనే వేసేసి ఉంటే ఇంకో గొడవ.)

కొత్త లెక్క ఇది. 2,50,000 మీద ముప్పై శాతం 75,000. దానిమీద నాలుగు శాతం సెస్సు 3,000. మొత్తం 78,000. యాప్ కట్ చేసేటప్పుడు సెస్సు కలపలేదు, వట్టి ముప్పై శాతమే కట్ చేసింది. కాబట్టి 43,800 రావాల్సింది పోయి నేనే 3,000 కట్టాలి. గెలిచిన ప్రతివాడికీ ఈ చిన్న బాకీ మిగులుతుంది, ఎవరూ ముందుగా చెప్పరు. బాకీ పదివేల లోపే కాబట్టి అడ్వాన్స్ ట్యాక్స్ వడ్డీ పడలేదు. మొదటి రిటర్న్ గడువులోపే వేశాను కాబట్టి ఆలస్యపు వడ్డీ కూడా లేదు.

పోర్టల్‌లో ఈ-ప్రొసీడింగ్స్‌లోకి వెళ్లి లోపాన్ని ఒప్పుకుంటున్నాను అని నొక్కి, 139(9) కింద నోటీసు నంబర్, తేదీ వేసి సరిచేసిన రిటర్న్ పెట్టాలి. గెలుపు ఏడాదిలో ఏ కాలంలో వచ్చిందో కూడా విడగొట్టి అడుగుతుంది. నాది 1,80,000 మొదటి గడిలో, 70,000 మార్చి 16 నుంచి 31 దాకా ఉన్న ఆఖరి గడిలో. 3,000 చలాన్ కట్టడం, ఆ నంబర్ రిటర్న్‌లో ఎక్కించడం, మళ్లీ ఆధార్ ఓటీపీ. ఈ రెండో వెరిఫికేషన్ మర్చిపోతే జవాబు ఇవ్వనట్టే. ఆడిటర్ ఫీజు 2,500. అక్టోబర్ 26న అంతా ముగిసింది.

ఇంటికొచ్చి మా ఆవిడకు రమ్మీ సంగతి చెప్పాను. చెప్పక తప్పలేదు, దీపావళికి తీసుకుందామన్న వాషింగ్ మెషీన్ ఆ రిఫండ్ మీదే పెట్టుకుంది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత కాగితం, పెన్ను తెచ్చి, 'మొత్తం ఎంత వచ్చింది, ఎంత పోయింది, వరసగా చెప్పండి' అంది. క్రికెట్‌లో మిగులు 2,50,000. రమ్మీలో పోయింది 1,50,000. పన్ను 78,000. ఆడిటర్‌కు 2,500. చివర 19,500 అని రాసి, దాని కింద రెండు గీతలు గీసింది. ఆరు నెలలు రాత్రిళ్లు మేలుకున్నందుకు నాకు మిగిలింది అది. రమ్మీ జోలికి పోకుండా ఉంటే, పన్ను పోను లక్షా డెబ్భై వేల పైన చేతిలో ఉండేదని తనే లెక్క వేసి చూపించింది.

నవంబర్ 29న రిటర్న్ లెక్క తేల్చి పంపే 143(1) ఇంటిమేషన్ వచ్చింది. ఆ పీడీఎఫ్ తెరవాలంటే చిన్న అక్షరాల్లో పాన్, దాని వెంటే పుట్టినతేదీ కొట్టాలి. చేతులు వణికి రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారి తెరుచుకుంది. రిఫండ్ సున్నా, కట్టాల్సింది సున్నా. ఫోన్ మా ఆవిడ చేతికిచ్చాను. చూసి, నా ఫోన్‌లో ఇంకా ఉన్న రెండు యాప్‌లనూ తనే తీసేసి తిరిగి ఇచ్చింది.